230 యూనిట్ల బిల్లు: ఫ్యాన్లు మార్చడం లాభమా, దండగా?

ఎల్బీనగర్_అద్దెకొంప: ఎండాకాలం నాలుగు నెలలూ 230 యూనిట్ల దగ్గర ఆగుతోంది. ఏసీ లేదు, కూలరే. తెల్ల రేషన్ కార్డు లేదు కాబట్టి గృహజ్యోతి రాదు. రోజంతా తిరిగే రెండు పాత ఫ్యాన్లు తీసేసి, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీవి పెట్టమంటున్నారు. రెండూ కలిపి ఆరు వేలు. పెట్టొచ్చా?

మీటర్_మామ: పెట్టొచ్చు. మీరున్న చోటు అలాంటిది. తెలంగాణలో 200 లోపైతే మొదటి వంద యూనిట్లకు 3.40, రెండో వందకు 4.80 పడుతుంది. 200 దాటిందా, మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోయి 200 వరకూ 5.10 చొప్పున, ఆపైన 7.70 చొప్పున వేస్తారు. ఫిక్స్‌డ్ చార్జీలూ సుంకమూ పక్కన పెడితే 230కి 1,251 రూపాయలు, 198కి 810. అంటే 32 యూనిట్లకు 440 రూపాయలు.

పాత ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ 30. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. రెండింటికి 32, మీకు కావాల్సిందీ అంతే.

బెజవాడక్క: మాకు 205 వస్తోంది, అయితే మేమూ మార్చేయాలా? ఐదు యూనిట్ల కోసం అంత పడిపోతుందని ఇన్నాళ్లూ తెలియదు.

మీటర్_మామ: మీకది వర్తించదక్కా. ఆంధ్రలో స్లాబు దాటితే దాటిన యూనిట్లకే కొత్త రేటు, వెనకటివి కదలవు. మీరు చూసుకోవాల్సింది 225. అది దాటాక యూనిట్ 6 నుంచి 8.75కి వెళ్తుంది.

పొదుపు_పుల్లయ్య: కొత్త ఫ్యాన్లెందుకు? రెగ్యులేటర్ రెండు మీద పెట్టుకుంటే సరి. అయినా రెగ్యులేటర్ తగ్గిస్తే కరెంటు తగ్గదని మా ఎలక్ట్రీషియన్ అంటాడు, అది వేరే సంగతి.

మీటర్_మామ: మీ ఎలక్ట్రీషియన్ చెప్పింది పాత డబ్బా రెగ్యులేటర్‌కు కొంతవరకు నిజం, అది మిగిలిన కరెంటును వేడిగా పోగొడుతుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌తో నిజంగానే తగ్గుతుంది. అందుకే మీ మాటలో పస ఉంది: ఎప్పుడూ రెండు మీదే తిరిగే ఫ్యాన్‌ను మారిస్తే మిగిలేది చాలా తక్కువ. కానీ మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో రెండు మీద ఎవరుంటారు?

మీ ఫ్యాన్ ఎంత తింటోందో నన్నడగక్కర్లేదు. ఇంట్లో అన్నీ ఆపి ఆ ఫ్యాన్ ఒక్కటే వేసి, మీటర్ మీద ఎర్రలైటు మిణుకులు లెక్కపెట్టండి. పక్కన 3200 imp/kWh అని ఉంటే యూనిట్‌కు 3200 మిణుకులని అర్థం, అప్పుడు 75 వాట్ల ఫ్యాన్‌కు 15 సెకన్లకోసారి మిణుకుతుంది. బీఎల్‌డీసీ అయితే 37 సెకన్లు పడుతుంది. ఫ్యాన్ కూడా ఆపాక ఇంకా మిణుకుతుంటే ఏదో ప్లగ్‌లో ఉండిపోయింది. చాలాసార్లు అది రిమోట్‌తో మాత్రమే ఆపిన సెట్‌టాప్ బాక్స్. 10 వాట్లు పీల్చినా నెలకు 7 యూనిట్లు.

నెలజీతం_నరసింహం: ఆరు వేలు పెట్టి ఏడాదికి నాలుగు నెలలే 440 మిగిలితే 1,760. మిగతా నెలల్లో 200 లోపే ఉంటారు, అప్పుడు యూనిట్‌కు 4.80 మించి మిగలదు, పైగా చలికాలం ఫ్యాన్లే తిరగవు. పెట్టుబడి రావడానికి రెండున్నరేళ్లు ఎక్కడికీ పోవు. ఈలోగా వారంటీ అయ్యాక లోపలి బోర్డు పోతే? దానికంటే రీడింగ్ తీసిన 20వ రోజున మీటర్ చూసుకుని, 133 దాటితే కూలర్ గంటలు తగ్గించుకోవడం మేలు. ఖర్చు సున్నా.

మీటర్_మామ: లెక్క సరిగ్గానే ఉంది. కాకపోతే బోర్డులు పోవడానికి ఒక కారణం పాత రెగ్యులేటర్‌ను అలాగే ఉంచి దాని గుండా కనెక్షన్ ఇవ్వడం. రెగ్యులేటర్ తీసేసి స్విచ్ నుంచి నేరుగా ఇవ్వాలి. రిమోట్ నొక్కినా పలక్కపోవడం, ఫ్యాన్ ఆగి ఆగి తిరగడం కనిపిస్తే మొదట చూడాల్సింది అక్కడే.

పొదుపు_పుల్లయ్య: ఫ్యాన్ల సంగతి సరే, ఫోన్ల మాటేంటి? ఇంట్లో నాలుగు సిమ్ములకు నెలకోసారి వేయిస్తున్నాం.

నెలజీతం_నరసింహం: 28 రోజుల ప్లానైతే నెలకోసారి కాదు, ఏడాదికి 13 సార్లు వేస్తున్నారు. ఇంట్లో వైఫై ఉండి, పెద్దవాళ్లు బయట నెట్ వాడకపోతే వాళ్ల సిమ్‌కు కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్లాన్ అడగండి. 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించాక కంపెనీలు అవి తెచ్చాయి, యాప్‌లో మాత్రం అడుగున ఉంటాయి.

ఎల్బీనగర్_అద్దెకొంప: మిణుకులు లెక్కపెట్టాను. హాల్ ఫ్యాన్ 14 సెకన్లు, బెడ్‌రూమ్‌ది 19. అన్నీ ఆపాక కూడా రెండు నిమిషాలకోసారి వెలుగుతోంది. ముందు హాల్‌ది ఒక్కటే మార్చి, ఆ బాక్స్ స్విచ్ దగ్గర ఆపి చూస్తాను.

నెలజీతం_నరసింహం: అప్పుడు 207 దగ్గర ఆగుతుంది. ఆ ఏడూ కూలర్ నుంచే రావాలి.