బ్యాంకు ధ్రువీకరణ లేఖలో ఖాళీ గడి: ‘లేదు’ అనా, ‘చెప్పలేదు’ అనా?

టీ నగర్ ఆర్టికల్
సీఏ ఆర్టికల్‌షిప్ రెండో ఏడాది. అంబత్తూరులో విడిభాగాలు తయారు చేసే ఒక ప్రైవేట్ కంపెనీ ఆడిట్, 31-3-2025 సంవత్సరాంతం. మేము పంపిన ధ్రువీకరణ లేఖకు బ్యాంకు జవాబు నేరుగా మా ఆఫీసుకే వచ్చింది. కరెంట్ ఖాతా, 1.20 కోట్ల ఎఫ్‌డీ రెండూ పుస్తకాలతో పైసా తేడా లేకుండా సరిపోయాయి. కానీ డిపాజిట్‌ను హామీగా కట్టేసే లీన్, గ్యారంటీలు, ఇతర రుణ సదుపాయాలు అంటూ మేము అడిగిన మూడు గడులూ ఖాళీ. చిన్న గీత కూడా లేదు. ‘ఖాళీ అంటే లేనట్టే, ఫైల్లో పెట్టెయ్’ అన్నారు మా సీనియర్. పెట్టవచ్చా?

ఇందిరానగర్ ఆడిట్
నిస్సందేహంగా పెట్టవచ్చు. లేఖ మీరే పంపారు, జవాబు మీకే వచ్చింది, అధికారి సంతకం ఉంది. ఇంకేం కావాలి? సత్యం కంప్యూటర్స్ వ్యవహారంలో దెబ్బ తగిలింది సరిగ్గా ఇక్కడే. 2009 జనవరి 7 నాటి లేఖలో ఛైర్మన్ 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు ఉత్తివేనని ఒప్పుకున్నారు. ధ్రువీకరణలు పంపే పని ఆడిటర్లు కంపెనీ చేతికి వదిలేశారని తర్వాత అమెరికా నియంత్రణ సంస్థలు తప్పుపట్టాయి. మీ దగ్గర ఆ లోపం లేదు. బెంగళూరులో మేము చేసేవి అమెరికా క్లయింట్ల ఫైళ్లు. అక్కడ వాడే ఫారంలో డిపాజిట్లు, అప్పుల నిల్వలే ఉంటాయి, గ్యారంటీల గడే ఉండదు. దాని కోసం ఎవరూ నిద్ర మానుకోవడం లేదు.

నుంగంబాక్కం సీఏ
లేఖ ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది ఒక ప్రశ్న, అందులో ఏం ఉందన్నది మరొకటి. ఇందిరానగర్ గారు మొదటిదానికి జవాబిచ్చి రెండోదీ తీరిపోయిందనుకున్నారు. సత్యంలో లేని డబ్బును ఉన్నట్టు చూపారు. ఇక్కడ డబ్బు ఉంది, సందేహం లేదు. అది స్వేచ్ఛగా ఉందా, ఎవరి అప్పుకో కట్టుబడి ఉందా అన్నదే తేలాలి. నిల్వ సరిపోయినంత మాత్రాన ఆ సంగతి తెలియదు, ఎందుకంటే లీన్ పడినా ఎఫ్‌డీ నిల్వ ఒక్క రూపాయి కూడా తగ్గదు.

అమెరికా ఫారంలో ఆ గడి లేదు కాబట్టి అక్కడ ఆ లేఖ దాని గురించి మౌనంగా ఉంటుంది. గ్యారంటీల వంటివి కావాలంటే వేరే లేఖ రాసి అడుగుతారు. ఇక్కడ మీరు అడిగారు, బ్యాంకు చెప్పలేదు. ఆ మూడు అంశాల వరకూ జవాబు రానట్టే లెక్క. ధ్రువీకరణల మీద ఉన్న ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 505 ప్రకారం జవాబు రానప్పుడు ఏం చేయాలో అదే చేయాలి: మళ్లీ అడగాలి, వేరే దారిలో సాక్ష్యం వెతకాలి.

అడయార్ రిటైర్డ్ మేనేజర్
బల్లకు అవతల కూర్చున్నవాడిగా చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి లేఖలు కట్టలు కట్టలుగా వస్తాయి. కౌంటర్ వెనక అధికారి మీరిచ్చిన ఖాతా నంబర్లు కొట్టి, నిల్వలు చూసి దింపుతాడు. గ్యారంటీలు వేరే తెరలో ఉంటాయి. చాలా చోట్ల గ్యారంటీల పని శాఖలో కాక వేరే కేంద్రంలో జరుగుతుంది. వాళ్లను అడిగి రాయించుకునే ఓపిక ఎవరికుంది?

ఇంకో మాట. ‘నిల్’ అని రాస్తే నేను సంతకం పెట్టి చెప్పినట్టు. ఖాళీగా వదిలితే ఏమీ చెప్పనట్టు. ఆ తేడా మాకు బాగా తెలుసు. అడుగున ‘బ్యాంకుకు గానీ అధికారులకు గానీ బాధ్యత లేకుండా’ అన్న వాక్యం కూడా ఉండే ఉంటుంది. దానికి కంగారు పడకండి, అది ప్రతి లేఖలోనూ పడే ముద్ర. ‘ఈ శాఖ రికార్డుల మేరకు మాత్రమే’ అని ఉంటే మాత్రం ఆగి చదవండి. అది నిజంగానే హద్దు గీస్తుంది.

పీణ్య పరిశ్రమదారు
నాదీ ఇదే బాధ. ఒక ప్రభుత్వ టెండరుకు 15 లక్షల గ్యారంటీ ఇచ్చాను. గడువు అయిపోయి చాలా కాలమైంది, ఎఫ్‌డీ మీద లీన్ ఇంకా తీయలేదు. బ్యాంకును అడిగితే అసలు గ్యారంటీ పత్రం తిరిగి తెమ్మంటారు. డిపార్టుమెంటులో ఫైలు కనిపించదంటారు. లీన్ తీయించాలంటే ఎవరికి రాయాలి?

నుంగంబాక్కం సీఏ
పీణ్య గారూ, లబ్ధిదారు నుంచి డిశ్చార్జ్ లేఖ తెచ్చుకోండి, అసలు పత్రం దొరకకపోయినా చాలా బ్యాంకులు దాన్ని ఒప్పుకుంటాయి. ఇక్కడి చర్చ అది కాదు గానీ, మీ మాట మాకు పనికొచ్చింది. గ్యారంటీ గడువు తీరినా లీన్ మిగిలిపోవచ్చు. అంటే లీన్ కనిపించగానే కంపెనీ ఏదో దాచిందని ఎగరకూడదు.

ఆర్టికల్ తమ్ముడూ, బ్యాంకుకు రెండో లేఖ పంపేలోగా ఒక పని చెయ్యి. కంపెనీ లెడ్జర్లో ‘బ్యాంక్ ఛార్జీలు’ ఖాతా తెరువు, పెద్ద మొత్తాలు మాత్రమే చూడు. తర్వాత అదే తేదీ బ్యాంకు స్టేట్‌మెంట్లో వివరణ చదువు.

టీ నగర్ ఆర్టికల్
చూశాను మేడమ్. ఆగస్టులో ఒకేసారి 1,18,000 డెబిట్ అయింది. వివరణలో గ్యారంటీ కమిషన్ అని ఉంది. కంపెనీ వాళ్లు దాన్ని బ్యాంక్ ఛార్జీల్లోకి తోసేశారు.

ఇందిరానగర్ ఆడిట్
సరే, గ్యారంటీ ఉందని ఒప్పుకుంటాను. 18 శాతం జీఎస్టీ తీస్తే లక్ష. ఏడాదికి రెండు శాతం కమిషన్ అనుకుంటే 50 లక్షల గ్యారంటీ. లెక్క తేలిపోయింది, నోట్స్‌లో రాసేయండి.

నుంగంబాక్కం సీఏ
తేలలేదు. రేటు ఒక శాతమైతే అదే లక్షకు కోటి రూపాయల గ్యారంటీ. రెండు శాతమే అయినా కాలం రెండేళ్లైతే 25 లక్షలే, ఎందుకంటే కమిషన్‌ను క్లెయిమ్ గడువుతో సహా మొత్తం కాలానికి ముందే పట్టుకోవడం మామూలే. డెబిట్ చూసి గ్యారంటీ ఉందని నమ్మవచ్చు, మొత్తం మాత్రం బ్యాంకే చెప్పాలి.

కాబట్టి రెండో లేఖలో ‘వివరాలు తెలపండి’ అని పొడిగా అడగొద్దు. ఆ డెబిట్ తేదీ, మొత్తం రాసి, దానికి సంబంధించిన గ్యారంటీ నంబరు, మొత్తం, ఎవరికి ఇచ్చారు, గడువు, క్లెయిమ్ గడువు, ఎవరి తరఫున ఇచ్చారు, హామీగా ఎంత మార్జిన్ పట్టారు అని అడుగు. ఎఫ్‌డీ నంబరు వేసి, 31-3-2025 నాటికి లీన్ మొత్తం, దేనికోసం అన్నది విడిగా అడుగు. కంపెనీ అనుమతి పత్రం జతచేసి, నువ్వే పంపు.

అడయార్ రిటైర్డ్ మేనేజర్
ఇలా నంబరు వేసి అడిగితే ఖాళీగా వదలడం కష్టం. శాఖలో కూడా ఫలానా గ్యారంటీ అని తెర తెరిచి చూడాల్సి వస్తుంది.

టీ నగర్ ఆర్టికల్
పది రోజుల తర్వాత జవాబు వచ్చింది. గ్యారంటీ 50 లక్షలు, ఒక ప్రభుత్వ రంగ సంస్థకు సరఫరా ఒప్పందం మీద, కంపెనీ సొంత పేరునే. ఎఫ్‌డీ మీద లీన్ మాత్రం 1.10 కోట్లు! గ్యారంటీకి నూరు శాతం మార్జిన్ అనుకున్నా ఇంకో 60 లక్షలకు కారణం రాయలేదు. ఎండీ గారిని అడిగితే ‘బ్యాంకు పొరపాటు, వదిలేయండి’ అన్నారు.

ఇందిరానగర్ ఆడిట్
నాకు మీ సీనియర్ మీద గౌరవం కాస్త తగ్గింది, నా మీద కూడా. కానీ 60 లక్షలు బ్యాంకు పొరపాటే కావచ్చు కదా. పీణ్య గారి లీన్ లాంటిదే పాతది మిగిలిపోయి ఉండవచ్చు.

అడయార్ రిటైర్డ్ మేనేజర్
కావచ్చు. కానీ లీన్ వేసేటప్పుడు కారణం రాస్తారు, ఏ రుణ ఖాతా కోసమో నంబరు చాలాసార్లు ఉంటుంది. నా అనుభవంలో కారణం రాయని లీన్ వెనక ఎక్కువసార్లు ఉండేది డైరెక్టర్ల మరో కంపెనీ ఓవర్‌డ్రాఫ్ట్. ఆ అప్పు వేరే కస్టమర్ నంబరు కింద ఉంటుంది. మీరు ఈ కంపెనీ ఖాతాలు మాత్రమే అడిగితే ఈ కంపెనీకి ‘రుణాలు లేవు’ అన్న జవాబు అక్షరాలా నిజమే అవుతుంది. డిపాజిట్ మాత్రం అక్కడ హామీగా కూర్చుని ఉంటుంది.

నుంగంబాక్కం సీఏ
మేనేజర్ గారు అసలు చోటు పట్టుకున్నారు. అదే నిజమైతే విషయం బ్యాంకు నిల్వల నోట్‌తో ఆగదు. హామీగా ఉన్న డిపాజిట్లను కంపెనీల చట్టం షెడ్యూల్ III ప్రకారం విడిగా చూపడం ఎలాగూ తప్పదు. దానికి తోడు ఇంకొకరి అప్పుకు హామీ ఇచ్చినందుకు డైరెక్టర్లకు, ఇతర కంపెనీలకు ఇచ్చే అప్పులు, హామీల మీద హద్దులు పెట్టే సెక్షన్ 185, 186లు చూడాలి. ఆడిట్ నివేదికలో అదనపు అంశాలు రాయమనే కారో ఉత్తర్వు వర్తించే కంపెనీ అయితే అందులోనూ దాని గురించి రాయాలి. సంబంధిత పక్షాల నోట్ కూడా మారుతుంది.

కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఛార్జీల జాబితా, అంటే ఆస్తుల మీద నమోదైన తాకట్టుల జాబితా చూడు, కానీ అక్కడ లేదని సంతోషపడకు. ఎఫ్‌డీ మీద లీన్‌ను చాలామంది నమోదు చేయరు. మా క్లయింట్లకు నేను కంపెనీ వాణిజ్య క్రెడిట్ రిపోర్టు తీయించమంటాను. వాళ్లు పంపిన పీడీఎఫ్ కాకుండా, మన ముందు డౌన్‌లోడ్ చేయించాలి. మరో బ్యాంకులో ఉన్న లిమిట్లు, కంపెనీ హామీదారుగా ఉన్న అప్పులు అక్కడ బయటపడే అవకాశం ఎక్కువ.

ఇందిరానగర్ ఆడిట్
టీడీఎస్ వివరాలు చూపే 26ఏఎస్ పత్రం చాలదా? ప్రతి బ్యాంకూ అందులో కనబడుతుంది.

నుంగంబాక్కం సీఏ
డిపాజిట్లకు చాలావరకు పనికొస్తుంది. పుస్తకాల్లో లేని బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ మీద టీడీఎస్ కోస్తే ఆ పేరు అక్కడ పడుతుంది. అప్పులకు పనికిరాదు. బ్యాంకుకు కట్టే వడ్డీ మీద టీడీఎస్ ఉండదు, కాబట్టి దాచిన రుణం ఆ పత్రంలో ఆనవాలు వదలదు.

టీ నగర్ ఆర్టికల్
కొత్త ముడి. ఆ 60 లక్షల గురించి మూడో లేఖ పంపుతామంటే అనుమతి పత్రం మీద సంతకం పెట్టనన్నారు ఎండీ. బ్యాంకుతో సంబంధాలు చెడిపోతాయట.

అడయార్ రిటైర్డ్ మేనేజర్
చెడవు. ఆడిటర్ ప్రశ్నకు ఏ శాఖా అలగదు.

నుంగంబాక్కం సీఏ
ఆయన కారణాన్ని రాతలో తీసుకోండి, అది సబబేనా అని మీ పార్టనర్ తేల్చాలి, నువ్వు కాదు. సబబు కాదనుకుంటే, వేరే దారిలోనూ సాక్ష్యం దొరకకపోతే, విషయం బోర్డుకు రాతపూర్వకంగా చేరాలి, నివేదికలో అభిప్రాయం మార్చడం గురించీ ఆలోచించాలి. ఈలోగా ఆ ఎఫ్‌డీ రసీదు అసలు ప్రతి చూపించమని అడుగు. రసీదు బ్యాంకు దగ్గరే ఉందంటే ఎందుకుందో అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇందిరానగర్ ఆడిట్
అభిప్రాయం మార్చడం దాకా వెళ్లక్కర్లేదేమో. 1.20 కోట్లూ లీన్ కింద ఉన్నట్టు నోట్స్‌లో చూపిస్తే చదివేవారికి విషయం తెలిసిపోతుంది కదా.

నుంగంబాక్కం సీఏ
లీన్ 1.10 కోట్లే కదా, 1.20 ఎందుకు చూపుతారు? పైగా ఎవరి అప్పుకో తెలియకుండా ‘లీన్ ఉంది’ అని రాస్తే సెక్షన్ 185 ప్రశ్న అలాగే నిలబడుతుంది. దీని మీద మనిద్దరికీ పొసగదులెండి.

టీ నగర్ ఆర్టికల్
రసీదు బ్యాంకు దగ్గరే ఉందట. పార్టనర్ గారు సోమవారం ఎండీతో మాట్లాడతానన్నారు. క్రెడిట్ రిపోర్టు కూడా అప్పుడే, మా ముందే తీయమని అడుగుతున్నాం.