మలపరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ 186 వచ్చింది, కొలనోస్కోపీ తప్పదా?

స్వాతి: నాకు 29 ఏళ్లు. ఏడు నెలలుగా పొద్దున్నే రెండు మూడుసార్లు పల్చగా విరేచనం అవుతోంది. ముందు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, వెళ్లొచ్చాక తగ్గుతుంది. రక్తం పడలేదు, బరువు తగ్గలేదు. హిమోగ్లోబిన్ 12.6, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ కూడా మామూలుగానే ఉంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ మాత్రం 186. 50 లోపు ఉండాలని రిపోర్టులో ఉంది. ఇది పేగులో వాపు లేని ఐబీఎస్సా, పేగు వాచే జబ్బు ఐబీడీయా? రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

కిరణ్: 50 దాటిందంటే పేగులో వాపు ఉన్నట్టే అండి. వెంటనే కొలనోస్కోపీ చేయించుకోండి. సీఆర్‌పీ బాగుంది కదా అని ఊరుకోకండి. మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ అనే ఐబీడీ బయటపడినప్పుడు సీఆర్‌పీ 3 మాత్రమే ఉంది.

జానకి: కాల్ అంటే కాల్షియమే కదా? నేను కాల్షియం మాత్రలు వేసుకుంటున్నాను. పరీక్షకు ముందు ఆపాలా?

శారద: జానకి గారూ, ఆ ప్రొటీన్ కాల్షియాన్ని పట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మీ మాత్రలతో దానికి సంబంధం లేదు, ఆపక్కర్లేదు.

కిరణ్ గారు సీఆర్‌పీ గురించి చెప్పింది నిజం. 50 గురించి చెప్పింది సగమే నిజం. పేగు గోడ వాచినప్పుడు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అక్కడికి చేరతాయి. వాటిలో ఉండే ఈ ప్రొటీన్ మలంలోకి దిగుతుంది. అవి వచ్చాయా లేదా అన్నదే ఈ పరీక్ష చెబుతుంది, ఎందుకు వచ్చాయో చెప్పదు. అందుకే 50 లోపు వస్తే ఐబీడీ ఉండే అవకాశం చాలా తక్కువ. 250 దాటితే తప్పకుండా వెతకాలి. మధ్యలో ఉంటే తొందరపడి ఏ పేరూ పెట్టకూడదు. స్వాతి గారూ, శాంపిల్ ఇచ్చే ముందు నొప్పి మాత్రలు ఏమైనా వాడారా? జ్వరంతో విరేచనాలు అయ్యాయా?

స్వాతి: జ్వరం లేదు. నడుం నొప్పికి పది రోజులు డైక్లోఫెనాక్ వేసుకున్నాను, దాంతోపాటు పాంటోప్రజోల్. శాంపిల్ ఇచ్చిన రోజు కూడా వేసుకున్నాను. ఎవరూ అడగలేదండి.

శారద: ఆ ప్రశ్నే ముందు అడగాల్సింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పేగు లోపలి పొరను గాయపరిచి ఈ అంకెను పెంచుతాయి. పాంటోప్రజోల్ కూడా కొంత పెంచగలదు. మీ డాక్టర్‌ని అడిగి అవి ఆపి, కనీసం రెండు వారాలు ఆగి, మళ్లీ చేయించండి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో అడగండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఈసారి కూడా అదే ల్యాబ్‌లో ఇవ్వండి, కిట్టు మారితే అంకె మారుతుంది. పొద్దున మొదటి విరేచనం తీసుకోండి. నెలసరి రోజుల్లో వద్దు. పనిలో పనిగా సీలియాక్ జబ్బుకు చేసే టీటీజీ రక్తపరీక్ష కూడా చేయించండి. అది అయ్యేదాకా గోధుమ మానకండి, మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో దొరక్కపోవచ్చు.

నరసింహం: నాకు ఒకసారి 1100 వచ్చింది. ఇక ఐబీడీలో ఒక రకమైన క్రోన్సే అనుకున్నాం. మలం కల్చర్‌లో క్యాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా దొరికింది. ఆరు వారాల తర్వాత మళ్లీ చేస్తే 40.

స్వాతి: ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. రెండు మందులూ ఆపి, అదే ల్యాబ్‌లో ఇచ్చాను. 88 వచ్చింది. టీటీజీ నెగటివ్. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్నారు డాక్టర్.

కిరణ్: అయినా 50 పైనే ఉంది కదండీ. నేనైతే ఆగను.

శారద: మాత్ర ఆపగానే సగానికి పైగా దిగింది. అది మంచి సూచన, డాక్టర్ ఆగమనడంలో తప్పులేదు. కిరణ్ గారి భయాన్ని కొట్టిపారేయలేను. క్రోన్స్ చిన్నపేగులోనే ఉంటే ఒక్కోసారి ఈ అంకె తక్కువగానే ఉంటుంది. అందుకే అంకెతో పాటు లక్షణాలూ చూడాలి. రక్తం పడినా, బరువు తగ్గినా, రక్తహీనత వచ్చినా, నిద్రలోంచి లేచి విరేచనానికి వెళ్లాల్సి వచ్చినా 88 అని ఆగకూడదు. కొలనోస్కోపీ చేస్తే చిన్నపేగు చివరి భాగం దాకా చూసి, పైకి బాగున్నట్టు కనిపించినా ముక్కలు తీసి పరీక్షకు పంపమని అడగండి.

స్వాతి: గత వారం రెండు రాత్రులు మూడింటికి వెళ్లాను. మెలకువ వచ్చాక వెళ్లానో, కడుపే లేపిందో గుర్తులేదు.

శారద: ఆ తేడా చాలా ముఖ్యం. ఐబీఎస్ మామూలుగా నిద్ర లేపదు. ఇకనుంచి లేచినప్పుడల్లా ఏది ముందు వచ్చిందో అప్పుడే రాసిపెట్టుకోండి.

స్వాతి: నిన్న రాత్రి నొప్పే లేపింది. మూడు నెలలు ఆగకుండా ఈ గురువారానికే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.