అప్‌డేట్: అందరూ ఒకే ఆప్షన్ పెట్టిన ప్రశ్న సంగతి

నా పాత ప్రశ్న: "గాజువాక గోడౌన్ సూపర్‌వైజర్ టెస్టులో సందర్భ ప్రశ్నకు అందరూ 'మేనేజర్‌కి చెబుతాను' అనే పెడుతున్నారు. మార్కులు ఎలా వేయాలి?"

సలహాలిచ్చినవాళ్లకు థాంక్స్. లోపం సందర్భంలోనే ఉంది. "సరుకు తక్కువైతే ఏం చేస్తారు?" అని పొడిగా రాశాను. ఇప్పుడు ప్రశ్నను ఇలా మార్చాను: రాత్రి 11 గంటలు, మేనేజర్ ఫోన్ ఎత్తడం లేదు, బిల్లులో 40 బస్తాలు, లారీలోకి ఎక్కినవి 38. ఆ సులువైన దారి మూసుకోగానే జవాబులు విడిపోయాయి.

ఎనిమిది మంది సీనియర్ సూపర్‌వైజర్లు ఒకరినొకరు అడక్కుండా ప్రతి ఆప్షన్‌కూ అది ఎంత సరైనదో 1 నుంచి 5 దాకా అంకె వేశారు. టెస్టు రాసేవాళ్లు వేసిన అంకె ఆ సగటుకు ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. "38 అని రాసి డ్రైవర్ సంతకంతో పంపడం"కి ఐదుగురు 5, ముగ్గురు 4 ఇచ్చారు. "పొద్దున దాకా లారీ ఆపడం"కి సగం మంది 5, సగం మంది 1! సగటు 3 వచ్చినా పెద్దలకే కుదరనిది కాబట్టి తీసేశాను.

ఆప్షన్లు నాలుగా ఐదా అని పడ్డ టెన్షన్ మాత్రం దండగ.