అప్‌డేట్: టీవీలో అందరి పాటలూ ఒకే క్యూలో

నేనడిగింది: "ఒకరు పాట క్యాస్ట్ చేస్తే ముందోళ్లది ఆగిపోతోంది. అన్ని ఫోన్ల నుంచి ఒకే క్యూలో చేర్చేదెట్లా?"

కుదిరింది. తిరుపతిలో అత్తమ్మ వాళ్లింట్లో సీమంతానికి చేసి చూసినాం. ఒకే వైఫైలో ఉండి, తలా ఒక ఫోన్లో యూట్యూబ్ తెరిచి, క్యాస్ట్ గుర్తు నొక్కి అదే టీవీని ఎంచుకున్నాం. వీడియోను టీవీయే నెట్ నుంచి తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్ మాత్రమే. అందుకే ఒకరు ఫోన్ తీసుకుని బయటికి పోయినా పాట ఆగలేదు.

పాట మీద నొక్కితే Play, Add to queue అని రెండొస్తాయి. రెండోది నొక్కితే వరుస చివర చేరుతుంది. మొదటిదైతే నడిచే పాట పోయి అదే మొదలవుతుంది. మా చిన్నాయన కొడుకు వేలు ఎప్పుడూ దాని మీదికే!

మేడ మీద వైఫై అందనోళ్లు టీవీ యూట్యూబ్ సెట్టింగ్స్‌లోని Link with TV code అంకెలు చూసి, మొబైల్ డేటాతోనే కలిశారు.