‘ఏం చేస్తాం’ అంటే చేతులెత్తేయడమేనా?

కొత్తకలం: ఓ కథను ఇంగ్లీషులోకి తెస్తున్నా. పెద్దాయన రాసుకున్న నోటుబుక్కు వానకు తడిసి పాడైంది. ‘ఏం చేస్తాం, మళ్ళీ రాయాలి’ అంటాడు. ‘వాట్ కెన్ వుయ్ డూ?’ అని పెడితే ఓడిపోయినవాడిలా ఉన్నాడని ఎడిటర్ అన్నారు. ఏం పెట్టాలి?

పాతకాపు: ముందు ఆ ప్రశ్న గుర్తు తీసెయ్యండి. సలహా కావాలంటే మనం ‘ఏం చేద్దాం’ అంటాం. దిక్కుతోచకపోతే ‘ఏం చెయ్యను’ అంటాం. ‘ఏం చేస్తాం’కి ఎవరూ జవాబు చెప్పరు. అది విచారానికి పెట్టిన ఫుల్‌స్టాప్. మీ పెద్దాయన దాన్ని ఒక్క ముక్కలో ముగించి పనిలోకి దిగాడు. ‘వెల్, ఐ విల్ జస్ట్ హావ్ టు రైట్ ఇట్ అగైన్’ అంటే చాలు. ఆ ‘వెల్’లో అంతా వచ్చేసింది.

రవళి: నేను ఎక్కడైనా ‘ఇట్ ఈజ్ వాట్ ఇట్ ఈజ్’ వాడేస్తా.

పాతకాపు: ఆ తర్వాత చేసే పనేదీ లేకపోతే సరే. ఇక్కడ ఉంది కదా.

గోడమీదపిల్లి: ఆఫీసు కాల్‌లో ‘వాట్ టు డూ’ అని నవ్వాను. చొరవ లేదని రివ్యూలో రాశారు. అప్పటికే ఆ పని సగం పూర్తి చేశాను కూడా!

రవళి: మీ రివ్యూకీ కథకీ ఏం సంబంధమండీ?

గోడమీదపిల్లి: అదే సంబంధం. వాళ్ళు మొదటి ముక్క విని ఆగిపోయారు.

నీరజ: ఇంత మెరుగు పెట్టడం ఎందుకు? నాకు రావలసిన ప్రమోషన్ ఆపి, ‘జరుగుతుంటాయమ్మా, వదిలెయ్’ అన్నారు. అన్నది ఆపినవాళ్ళే. అందులో ఓర్పు లేదు, నోరు మూయించడమే ఉంది. దాన్ని అందంగా అనువదిస్తే అబద్ధం చెప్పినట్టే.

పాతకాపు: ఇక్కడ అడిగింది ‘ఏం చేస్తాం’ గురించి. మీరు ‘జరుగుతుంటాయి’ తెచ్చారు.

నీరజ: మాట ఏదైతేనేం సార్, ఎవరు అంటున్నారో మీరు చూడట్లేదు. పోగొట్టుకున్నవాడు అంటే ఒకటి, పోగొట్టినవాడు అంటే ఇంకొకటి. మీ ‘వెల్’ ఇద్దరికీ సరిపోతుందా?

పాతకాపు: ...సరిపోదు, ఒప్పుకుంటా. పోగొట్టినవాడి నోట ‘దీజ్ థింగ్స్ హ్యాపెన్’ అని ఉన్నదున్నట్టు దించేస్తే చాలు. ఇంగ్లీషులోనూ అలాంటివాళ్ళు ఆ మాట వెనకే దాక్కుంటారు. కానీ నష్టపోయినవాడి ‘ఏం చేస్తాం’ మాత్రం ఓటమి కాదు, అక్కడ తగ్గను.

నీరజ: చిన్నప్పటి నుంచి వినీవినీ నష్టపోయినవాళ్ళకూ అదే అలవాటవుతుంది. అది ఓర్పో ఓటమో వాళ్ళకే తెలియదు.

కొత్తకలం: చిక్కేమిటంటే, తర్వాతి పేజీలో కొడుకు కూడా ‘ఏం చేస్తాం నాన్నా’ అంటాడు. కిటికీ తెరిచి వదిలేసింది వాడే, తండ్రికి ఆ సంగతి తెలియదు. ఇప్పుడు రెండు చోట్లా ఒకే మాట పెట్టాలా, వేర్వేరుగానా? వేరుగా పెడితే కొడుకు గుట్టు ముందే బయటపడుతుంది.