"ఏమిటి మీరు ఇంగ్లీష్ అర్థం చేసుకుంటారు కానీ..." ఈ ముక్కని అయిదు సెకన్లలో ఎలా చెప్పాలి?

డబ్బింగ్ పద్మ:
అందరికీ నమస్కారం. నేను యాడ్లకి తెలుగు గొంతు ఇస్తుంటాను. ఆన్‌లైన్లో స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పే ఒక కోర్సువాళ్ళ వీడియో యాడ్ వచ్చింది, అయిదు సెకన్లు కాగానే జనం స్కిప్ కొట్టేసే రకం. హిందీలో మొదటి వాక్యం "క్యా ఆప్ అంగ్రేజీ సమఝ్‌తే హై, లేకిన్ బోల్ నహీ పాతే?" దానికి నాకు పంపిన తెలుగు ఇది:

"ఏమిటి మీరు ఇంగ్లీష్ అర్థం చేసుకుంటారు కానీ మాట్లాడలేకపోతున్నారా?"

నోటితో పలికే అక్షరాలు లెక్కపెడితే హిందీలో 16, తెలుగులో 25. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మనిషి మాట్లాడినట్టు చదివితే సరిగ్గా అయిదు సెకన్లు పట్టింది, అంటే చివరి "రా" నోట్లో ఉండగానే స్కిప్ బటన్ వచ్చేస్తుంది. ముందు అర సెకను మ్యూజిక్ కూడా ఉంది, అది కలిస్తే "పోతున్నారా" మొత్తం పోతుంది. గబగబా చదివితే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా ఉంది. కుదించమంటే క్లయింట్ "మీనింగ్ చేంజ్ కాకూడదు" అంటున్నారు. ఎలా రాస్తే బాగుంటుంది?

గోదారి గట్టు:
తెలుగులో క్రియ చివరికే వస్తుంది కాబట్టి ఇలాంటి యాడ్లకి మన భాష పనికిరాదు, అంతే. ఇంగ్లీషులో "డు యూ" అనగానే ప్రశ్న అని తెలిసిపోతుంది, హిందీలో "క్యా" అనగానే తెలిసిపోతుంది. మనకి వాక్యం అంతా విని చివర్న "ఆ" వస్తేగానీ ప్రశ్నో కాదో తెలీదు.

రిటైర్డ్ తెలుగు మేష్టారు:
గట్టుగారు సగం సరిగ్గానే చెప్పారు. అవునా కాదా అని అడిగే ప్రశ్నలోనే ఆ "ఆ" చివరికి వెళ్తుంది. "ఎందుకు", "ఎన్నాళ్ళు", "ఎక్కడ" అని మొదలుపెడితే ప్రశ్న మొదట్లోనే తెలిసిపోతుంది కదా. పైగా ఆ "ఆ" క్రియకే అంటుకోవాలని లేదు, ఏ మాట మీద అనుమానం ఉంటే దాని పక్కన చేరుతుంది. "ఇంగ్లీషంటే భయమా?" ఏడు అక్షరాలు, చివర్న క్రియే లేదు, ఇంతకన్నా పొట్టిగా ఏ భాషలో అడుగుతారు? మాట్లాడేటప్పుడు మనం క్రియ ముందు అనేసి మిగతాది తర్వాత తగిలిస్తాం కూడా, "భయమేస్తోందా, ఇంగ్లీషంటే?" అని. పుస్తకంలో అలా రాయం, నోట్లో మాత్రం రోజూ అదే.

అసలు పద్మగారి వాక్యంలో నాకు గుచ్చుకున్నది మొదటి మాట. "క్యా"కి "ఏమిటి" పెట్టారు. హిందీలో ఆ "క్యా"కి సొంత అర్థం లేదు, రాబోయేది ప్రశ్న అని చెప్పే గంట అది. తెలుగులో ఆ పని చివరి "ఆ" చేస్తోంది, రెండోది అక్కర్లేదు. పెడితే ఊరుకోదు కూడా. "ఏమిటి మీరు" అని మొదలైతే మన చెవికి అది నిష్ఠూరం, "ఏమిటి మీరు ఇంత లేటు?" అన్నట్టు. పొట్టి చేసి "ఏం, మీకు ఇంగ్లీషు రాదా?" అంటే ఇంకా ఘోరం, తగువుకి వచ్చినట్టు ఉంటుంది.

అంతా ఉచితం:
ఇంతకీ ఏ కోర్సు మంచిదండీ? మా తమ్ముడు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు.

డబ్బింగ్ పద్మ:
@అంతా ఉచితం అన్నా, నేను గొంతు మాత్రమే ఇస్తాను, కోర్సు సంగతి నాకు తెలీదు 🙂
మేష్టారూ, "ఏమిటి" తీసేస్తే 22 అక్షరాలు. "మీకు ఇంగ్లీషు రాదా?" అని పొట్టిగా అడగమని మా స్టూడియోలో ఒకరు అన్నారు. దానికి నాకే మనసొప్పలేదు, ఎందుకో చెప్పలేకపోయాను.

రిటైర్డ్ తెలుగు మేష్టారు:
"ఇంగ్లీషు వచ్చా?" అంటే తెలుసుకోవడానికి అడిగినట్టు. "రాదా?" అంటే వచ్చి ఉండాలి కదా, ఇంకా రాలేదా అని ఆశ్చర్యమో ఎగతాళో తోడవుతుంది. అమ్మాయికి వంట వచ్చా అనడానికీ వంట రాదా అనడానికీ ఉన్న తేడానే. మీ యాడ్ చూసేవాడికి ఇంగ్లీషు అర్థమవుతుంది, ఆ మాట ముందు ఒప్పుకుని అడగాలి, లేకపోతే వాడికి తగలదు.

యాడ్ మీటర్:
నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి అటువైపు సంగతి చెప్తా. యూట్యూబ్‌లో ఈ స్కిప్ చేసే యాడ్లు 2010 డిసెంబర్‌లో మొదలయ్యాయి. వ్యూకి ఇంత అని కొనుక్కున్నప్పుడు, చూసేవాడు 30 సెకన్లు చూస్తేనో, యాడ్ అంతకన్నా చిన్నదైతే చివరిదాకా చూస్తేనో, లేదా దాని మీద నొక్కితేనో యాడ్ ఇచ్చిన కంపెనీ డబ్బు కట్టాలి. ఆరో సెకనుకి ఎవరైనా స్కిప్ కొడితే పైసా కట్టక్కర్లేదు. (వెయ్యిసార్లు చూపించడానికి ఇంత అని కొనే పద్ధతి వేరు, అందులో స్కిప్ కొట్టినా లెక్కకి వస్తుంది.) అంటే మొదటి పద్ధతిలో అయిదు సెకన్లకి రెండు పనులు: కావాల్సినవాణ్ణి ఆపడం, అక్కర్లేనివాణ్ణి మర్యాదగా పంపించేయడం. ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు పూర్తిగా చూస్తే క్లయింట్‌కి నష్టమే. అందుకని "ఇది నా గురించే" అని వినేవాడికి రెండో సెకనులోనే తెలియాలి, ప్రశ్న పూర్తయ్యాక కాదు.

మన భాషలో చివరి మాట మీద బరువు పెడితే దెబ్బ తింటాం, బరువంతా మొదటి రెండు మూడు మాటల్లో పెట్టాలి, అంతే తేడా. "ఇంటర్వ్యూలో" అని మొదలెట్టండి, ఉద్యోగం వెతుక్కునేవాడు ఆ ఒక్క మాటకే ఆగుతాడు, తర్వాత క్రియ ఎప్పుడొస్తే ఏంటి.

డాలస్ నాన్న:
మా ఇంట్లో తిరగేసిన కేసు. ఇక్కడ పిల్లలకి తెలుగు నేర్పే కోర్సు యాడ్ నాకు వస్తుంటుంది. "అమ్మమ్మ ఫోన్ చేస్తే మీ పాప ఏం మాట్లాడుతుంది?" అని మొదలవుతుంది. నేను స్కిప్ కొట్టలేకపోయాను. "అమ్మమ్మ ఫోన్" దగ్గరే దొరికిపోయా, మిగతా వాక్యం గుర్తు తెచ్చుకుంటే గానీ రాలేదు. మా పాప "హాయ్ అమ్మమ్మా, ఐ యామ్ గుడ్" అని ఫోన్ నాకిచ్చేస్తుంది.

యాడ్ మీటర్:
@డాలస్ నాన్న నేను చెప్పబోయింది మీ పాప చెప్పేసింది.

గోదారి గట్టు:
సరే, ఒప్పుకున్నా. అయితే ఇదెలా ఉంది: "ఇంటర్వ్యూలో ఇంగ్లీష్ అనగానే మాట పడిపోతోందా?"

రిటైర్డ్ తెలుగు మేష్టారు:
బాబూ, మాట పడిపోవడం పక్షవాతానికి చెప్తాం. ఆసుపత్రి యాడ్ అనుకుంటారు.

గోదారి గట్టు:
😂 "నోరు తిరగట్లేదా" అయితే?

రిటైర్డ్ తెలుగు మేష్టారు:
అది పలకడం కష్టమైనప్పుడు. "ధృతరాష్ట్రుడు" అనడానికి పిల్లాడికి నోరు తిరగదు. మాటలు తెలిసి, పలకడమూ వచ్చి, భయానికో దుఃఖానికో బయటికి రాకపోతే "నోరు పెగలదు". ఇక "నోటికి రాదు" అంటే కంఠస్థం కాలేదని. పద్యం నోటికి వచ్చు, ఎక్కం నోటికి రాదు. ఈ కోర్సుకి కావాల్సింది పెగలకపోవడమే. హిందీ "బోల్ నహీ పాతే"లో ఇంత వివరం లేదు, తెలుగులో పెడితే మీనింగ్ చేంజ్ కాదు, మెరుగవుతుంది.

సిరిసిల్ల శ్రీను:
మేష్టారూ, అన్నీ మీ దిక్కు మాటలే. మా దగ్గర "ఇంగ్లీష్ సమజైతది గాని మాట్లాడొస్తలేదు" అంటం. పొట్టిగ ఉంది, ఎవ్వలకైనా తెలుస్తది. "పెగలదు" అంటే మా చెల్లె మొఖం చూసింది, ఆమెకు తెల్వదు ఆ మాట. యాడ్ చూసేది ఆ వయసు పిల్లలే కదా.

రిటైర్డ్ తెలుగు మేష్టారు:
శ్రీనుగారూ, మీ వాక్యం నాకు చాలా నచ్చింది. "ఇంగ్లీషు వచ్చు" అన్నప్పటి "వచ్చు"నే మీరు "మాట్లాడొస్తలేదు"లో నిలబెట్టుకున్నారు. భాష మనం చేసే పని కాదు, మన దగ్గరికి వచ్చేది, ఆ ఊహ ఇందులో ఇంకా ఉంది. "లేకపోతున్నారా" అనేది మొత్తానికి కాగితం మీద మాట. పెగలడం కుర్రాళ్ళకి తెలీదంటే మాత్రం నేను కొంచెం బాధపడతాను, వాదించను.

డబ్బింగ్ పద్మ:
ఆగండాగండి, నిన్న టేక్‌లో జరిగింది చెప్తా. "మాట్లాడలేకపోతున్నారా" చదువుతూ మధ్యలో ఊపిరి తీసుకున్నా. వినిపించింది ఇలా: "మాట్లాడలేకపోతున్నా... రా." సౌండ్ ఇంజనీర్ పడీపడీ నవ్వాడు, ఫ్రెండుకి గోడు చెప్పుకున్నట్టుందని.

యాడ్ మీటర్:
అక్కా, అదే పెట్టండి! నవ్వులాట కాదు, నిజంగా. ప్రశ్న అడగడం మానేయండి, అప్పుడు "ఆ" చివర్న వస్తుందన్న గొడవే ఉండదు. మొదటి రెండు సెకన్లు ఇంటర్వ్యూ గది, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అని ఒక గొంతు, కుర్రాడు నీళ్ళు నములుతుంటాడు. మూడో సెకను నుంచి బయట మెట్ల మీద ఫోన్లో ఫ్రెండుతో, "అంతా అర్థమైందిరా, నోరు పెగల్లేదు." లెక్క చూడండి.

డబ్బింగ్ పద్మ:
అం-తా-అ-ర్థ-మైం-ది-రా, నో-రు-పె-గ-ల్లే-దు. 13. హాయిగా చదివితే రెండున్నర సెకన్లు, చిన్న నిట్టూర్పుకి కూడా చోటుంది. ఇంగ్లీష్ అనే మాటే ఎత్తక్కర్లేదు, ముందు గొంతు చెప్పేసింది.

గోదారి గట్టు:
"రా" అంటే చూసేవాళ్ళకి అగౌరవం కాదా? క్లయింట్ ఒప్పుకోడు.

రిటైర్డ్ తెలుగు మేష్టారు:
కుర్రాడు "రా" అంటున్నది ఫ్రెండుని. మనం పక్కన నిలబడి విన్నాం, అంతే. చూసేవాళ్ళని నేరుగా "మీకు రాదు" అనడంకన్నా ఇదే మర్యాద.

డబ్బింగ్ పద్మ:
అప్‌డేట్: క్లయింట్‌కి ప్రశ్నగా ఉన్నదీ, ఈ ఫ్రెండుతో చెప్పేదీ రెండూ పంపాను. వీడియో హిందీలో ఇప్పటికే షూట్ చేసేశారట, ఇంటర్వ్యూ గది కొత్తగా తీయరట. అందులో ఉన్నది కెమెరావైపు చూసి మాట్లాడే మేడమ్, ఆవిడ పెదాలు "క్యా ఆప్" అనే కదులుతాయి. ఆవిడ నోటికి "రా" అతకదు. కాబట్టి ప్రశ్న ఉండాల్సిందే. చివరికి తేలింది: "ఇంటర్వ్యూలో అన్నీ అర్థమవుతాయి, నోరు పెగలదా?" 18 అక్షరాలు, నాలుగు సెకన్లలోపే. "పెగలదా" దగ్గర శ్రీను అన్న మాట గుర్తొచ్చి "మాట రాదా" అని ఇంకో టేక్ కూడా చెప్పి పెట్టా.

సిరిసిల్ల శ్రీను:
"మాట రాదా" అంటే మూగోళ్ళని అడిగినట్టు లేదా అక్కా?

డబ్బింగ్ పద్మ:
అయ్యో. అవును కదా. రేపు పొద్దున పదింటికి స్టూడియో, ఇంకేమైనా ఉంటే ఈ రాత్రే చెప్పండి.

సిరిసిల్ల శ్రీను:
"మాట్లాడొస్తలేదా" అని ఒకటి చెప్పి పెట్టుకో. తీసుకుంటే తీసుకుంటరు.