ట్రో ముందా, ట్రై ముందా? తెలుగులో ఒక గుర్తుపదం కావాలి

వరంగల్‌లో మెడిసిన్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పోయిన వారం వైవాలో, నమిలే కండరాలకు వెళ్లే నరం ఏదని అడిగితే ట్రోక్లియర్ అన్నాను. జవాబు ట్రైజెమినల్. మెదడు నుంచి వచ్చే 12 నరాలకు నేను బట్టీ పట్టింది ఇంగ్లిష్ వాక్యం. అందులో మొదటి అక్షరాలే ఉంటాయి. మొదట మూడు ఓలు, తర్వాత రెండు టీలు. ఏ టీ ముందో వాక్యం చెప్పదు. మనకు యమాతారాజభానసలగం ఉన్నట్టు వీటికి తెలుగులో ఒకటి కట్టగలమా?

రిటైర్డ్ తెలుగు సారు, హన్మకొండ: మంచి పోలిక తెచ్చినవు బిడ్డా. యమాతారాజభానసలగం గణాల పేర్లను వరుసగా చెప్పి ఊరుకోదు. య దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకో: య-మా-తా. లఘువు, గురువు, గురువు. అదే యగణం. పేరులోనే లక్షణం ఉంది. నువ్వు కట్టేది కూడా అట్లనే ఉండాలె. నరాల పేర్లు తెలుగులోకి మార్చుకో: ఘ్రాణ, దృక్, అక్షిచాలక... అప్పుడు అర్థంతోనే గుర్తుంటయి.

నర్సింగ్ విద్యార్థిని, జగిత్యాల: సార్, పరీక్ష ఇంగ్లిష్‌లో. తెలుగు పేరు గుర్తొచ్చినా మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చాలి. టెన్షన్‌లో అక్కడే తప్పు పోతుంది.

అనాటమీ చెప్పే డాక్టరు, కరీంనగర్: పేర్లు ఇంగ్లిష్‌వే ఉంచి, తెలుగు లిపి వాడుకోండి. ఇంగ్లిష్‌లో ఒక్క టీ మిగిలితే మనకు ట్రో, ట్రై అని గుణింతంతో సహా మిగులుతుంది. మూడేసి చొప్పున చదవండి:

ఆల్ ఆప్ ఆక్
ట్రో ట్రై అబ్
ఫే వె గ్లా
వే యా హై

ఎనిమిదోది వెస్టిబ్యులోకాక్లియర్, పదోది వేగస్. ఇంగ్లిష్‌లో రెండూ వీ. మనకు హ్రస్వం ముందు, దీర్ఘం తర్వాత.

ట్రో, ట్రై తారుమారు కాకుండా అర్థం కూడా పట్టుకో తమ్మీ. ట్రోక్లియా అంటే గిరక. కంటిగూడు లోపలి పైమూలలో ఒక చిన్న గిరక ఉంటుంది. బావిలో చేద తాడు గిరక మీద వంగినట్టు ఒక కండరపు స్నాయువు దాని మీదుగా వంగి కనుగుడ్డుకు అతుకుతుంది. ఆ కండరానికి వెళ్లేది నాలుగో నరం. అది దెబ్బతిన్న మనిషికి మెట్లు దిగుతూ కిందికి చూస్తే ఒక మెట్టు రెండుగా కనిపిస్తుంది. ట్రైజెమినల్ అంటే మూడు పాయలు, జడ లాగా. గిరక తర్వాత జడ.

గృహిణి, కాజీపేట: మా ఆయనకు రాత్రిళ్లు కాలి నరాలు గుంజుతున్నయి. దీనికి ఏదన్న మందు చెప్పండి డాక్టరమ్మా.

డాక్టరు: అక్కా, ఇక్కడ మాట్లాడేది తలలోని నరాల పేర్ల గురించి. ఆయన్ను దగ్గరి డాక్టరుకు చూపించండి. చూడకుండా మందు చెప్పలేను.

ప్రశ్న అడిగినవాణ్ని: మేడమ్, ఏది జ్ఞాన నాడి, ఏది చాలక నాడి, ఏది మిశ్రమం అన్నదానికి జ, చ, మ అక్షరాలతో ఇది కట్టాను:

జాతర జనం చేరి చూసిరి మేడారంల చిలకలగుట్ట, మొక్కి జంపన్నవాగుల మునిగి మల్ల చాయ్ చప్పరించిరి.

పన్నెండు మాటలు, పన్నెండు నరాలు. ఎనిమిదోది వినికిడి నరం. ఆ చోట వాగు వచ్చింది, నీళ్ల చప్పుడుతో గుర్తుంటుంది.

ఫిజియోథెరపీ విద్యార్థి, నిజామాబాద్: ఏడోది తప్పు కదా. ఫేషియల్ ముఖాన్ని కదిలిస్తుంది. అక్కడ చ రావాలి.

డాక్టరు: కదిలించేది నిజమే. కానీ నాలుక ముందు మూడింట రెండు వంతుల రుచి కూడా అదే మోస్తుంది. కాబట్టి మిశ్రమమే, మ సరైనది. అసలు లోపం మూడోదాంట్లో ఉంది. ఆక్యులోమోటార్‌కు చ అని రాశావు. కంటిపాపను చిన్నది చేసే పోగులు కూడా అందులోనే వెళ్తాయి. ఈ వాక్యంలో వాటికి చోటు లేదు, విడిగా గుర్తుపెట్టుకో.

పరీక్షించుకునే తీరు కూడా చెప్తాను. ఎవరినైనా నిన్ను 'తొమ్మిదోది?' అని అడగమను. వేళ్ల మీద మొదటి నుంచి లెక్కపెడుతున్నావంటే పాట వచ్చింది, నరం రాలేదు. తొమ్మిది, ఐదు, పదకొండు అని గజిబిజిగా అడిగించుకో.

నర్సింగ్ విద్యార్థిని: చేతికి వెళ్లే నరాల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్‌కు కూడా ఇట్లాంటిది కట్టరా మేడమ్?

డాక్టరు: దానికి పాట ఒక్కటే చాలదమ్మా. 5 వేర్లు, 3 మొదళ్లు, 6 చీలికలు, 3 తాళ్లు, 5 కొమ్మలు. అంకెలు గుర్తుంటాయి గానీ, ఏది దేంట్లో కలిసిందో గీస్తేనే తెలుస్తుంది. తెల్లకాగితం మీద చూడకుండా గీయి.

ములుగు నుంచి ఒకరు: తమ్మీ, వాక్యం బాగుంది గానీ వరుస తప్పు. ముందు జంపన్నవాగుల స్నానం, ఆ తర్వాతనే గద్దెల కాడ మొక్కుడు. మా దిక్కు పిల్లలు చదివితే నవ్వుతరు.

ప్రశ్న అడిగినవాణ్ని: అన్నా, వాగును ముందుకు తెస్తే వినికిడి నరం ఎనిమిదో చోటు నుంచి కదులుతుంది. జంపన్నవాగు తీసేసి వేరే జ మాట పెట్టొచ్చు. కానీ నీళ్ల చప్పుడు పోతుంది, అది వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఏడో చోట మొక్కి బదులు ఏ మ మాట పడితే స్నానం ముందుకొస్తుందో ఎవరికన్నా తడితే చెప్పండి.